కంబోడియా వీసా ఆన్ అరైవల్: బెంగళూరు నుంచి నలుగురు, సియెం రీప్ కౌంటర్ దగ్గర ఏమేం కావాలి?

కృష్ణరాజపురం_కోడలు
అందరికీ నమస్కారం. బెంగళూరు నుంచి కౌలాలంపూర్ మీదుగా సియెం రీప్ వెళ్తున్నాం. నేను, మావారు, మా అత్తగారు, పిన్నత్తగారు, మొత్తం నలుగురం పెద్దవాళ్లమే. అంకోర్ గుళ్లు చూసి ఆరు రోజుల్లో తిరిగి వచ్చేస్తాం. వీసా అక్కడ దిగాక తీసుకోవచ్చని చదివాను. కాగితాలు, ఫొటోలు, డబ్బులు ఏ రూపంలో పెట్టుకోవాలి? పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడలేరు కాబట్టి క్యూ సంగతి కూడా చెప్పండి. ఇంకో విషయం, అత్తగారి పాస్‌పోర్టు గడువు మేం దిగే రోజు నుంచి లెక్కేస్తే అయిదు నెలల ఇరవై రోజులే ఉంది. పర్లేదా?

రాగిసంకటి
వీసా ఏమీ అక్కర్లేదండీ ఇప్పుడు. అంతా ఆన్‌లైన్ అయిపోయింది. arrival.gov.kh లో వివరాలు నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫీజు కూడా లేదు. అది ఫోన్లో చూపించి లోపలికి వెళ్లిపోవడమే.

గుండ్లకమ్మ
రాగిసంకటి గారూ, సగమే నిజం. మీరు చెప్పింది ఈ-అరైవల్ కార్డు. మునుపు విమానంలో పంచే రాక కార్డు, కస్టమ్స్ కాగితం, ఆరోగ్య ప్రకటన, మూడూ కలిపి 2024 సెప్టెంబరు నుంచి విమానంలో వచ్చేవాళ్లకి తప్పనిసరి చేశారు. దిగడానికి ఏడు రోజుల ముందు నుంచి నింపుకోవచ్చు. నింపడానికి పైసా కూడా తీసుకోరు. ఎవరైనా డబ్బు అడిగితే మీరు వేరే వెబ్‌సైట్‌లో ఉన్నట్టే. కానీ అది వీసా కాదు. భారత పాస్‌పోర్టుకి కంబోడియాలో వీసా కావాలి. ఆ క్యూఆర్ ఒక్కటే పట్టుకుని నేరుగా ఇమిగ్రేషన్ లైన్లో నిలబడితే, అరగంట నిలబడ్డాక వీసా కౌంటర్‌కి పొమ్మంటారు. అప్పటికి అక్కడ క్యూ రెండింతలై ఉంటుంది.

కృష్ణరాజపురం గారూ, ముందు పాస్‌పోర్టు సంగతి చూద్దాం, మిగతావన్నీ దాని తర్వాతే. దిగే రోజుకి ఆరు నెలల గడువు ఉండాలన్నది నియమం. పది రోజులే తక్కువ కదా, కౌంటర్ దగ్గర బతిమాలుకుందాం అనుకుంటారేమో, అసలు కౌంటర్ దాకా వెళ్లనివ్వరు. బెంగళూరు చెక్-ఇన్‌లోనే ఆపేస్తారు. వీసా లేక వెనక్కి పంపిన ప్రయాణికుణ్ణి తిరిగి తెచ్చే ఖర్చు విమాన కంపెనీ మీదే పడుతుంది. అందుకే వాళ్లు ఏ దేశానికి ఏం కావాలో సిస్టమ్‌లో చూసి ఒక్కో షరతూ సరిపోల్చుకుంటారు. చెక్-ఇన్ కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయికి దయ చూపే అధికారం లేదు. కాబట్టి అత్తగారికి కొత్త పాస్‌పోర్టు తీయించండి. తత్కాల్‌లో 36 పేజీల పుస్తకానికి 1,500, దాని మీద తత్కాల్ కింద 2,000, మొత్తం 3,500 రూపాయలు.

కృష్ణరాజపురం_కోడలు
అయ్యో, అది అడగడం మంచిదైంది. ప్రయాణానికి ఇంకా అయిదు వారాలుంది. రేపే అపాయింట్‌మెంట్ చూస్తాను. టికెట్లో పాస్‌పోర్టు నంబరు పాతది ఇచ్చాం, మరి అది?

గుండ్లకమ్మ
అది విమాన కంపెనీ వెబ్‌సైట్‌లో మీ బుకింగ్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు. పేరు మాత్రం కొత్త పుస్తకంలో అక్షరం తేడా లేకుండా టికెట్లో ఉన్నట్టే రావాలి. మన వాళ్లకి ఇంటిపేరుతోనే తంటా. పాతదాంట్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, కొత్తదాంట్లో విడదీసి వేయించుకుంటే టికెట్‌కి, పాస్‌పోర్టుకి పొంతన ఉండదు. దరఖాస్తు నింపేటప్పుడే చూసుకోండి. ఈ-అరైవల్ మాత్రం కొత్త నంబరు చేతికొచ్చాకే నింపండి.

బాలి_బ్యాచ్
దేనికింత హైరానా? క్యాష్ కూడా అక్కర్లేదు, కార్డు గీకితే చాలు. 5 లక్షల రుపయా, 30 రోజులు. ఫొటో ఎవరూ అడగరు.

గుండ్లకమ్మ
తమ్ముడూ, నువ్వు చెబుతున్నది ఇండోనేషియా సంగతి. అక్కడ అది నిజమే. ఇక్కడ అడిగింది కంబోడియా. రెండింటినీ వీసా ఆన్ అరైవల్ అనే పిలిచినా ఒక దేశం పద్ధతి ఇంకో దేశంలో పనికిరాదు.

కంబోడియాలో పర్యాటక వీసాని టీ తరగతి అంటారు. 30 డాలర్లు, 30 రోజులు, ఒకసారి ప్రవేశం. దాని పక్కనే 'ఈ' అన్న ఇంగ్లిషు అక్షరంతో ఇంకో తరగతి ఉంటుంది, 35 డాలర్లు. అది పని మీద వచ్చి ఎక్కువకాలం ఉండేవాళ్లకి. మీకు టీ చాలు. ఫారంలో పర్యాటకం అన్న గడిలోనే టిక్కు పెట్టండి. ఈ డబ్బు అమెరికా డాలర్ల నోట్లుగా చేతిలో ఉండాలి. కార్డు మిషను ఉంటే ఉండొచ్చు, దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లకండి. రూపాయలు అక్కడ చెల్లవు.

లాల్‌బాగ్_లెక్కలు
డాలర్ల విషయం నేను చెబుతాను, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే.

నలుగురికి 120 డాలర్లు. మనీ ఛేంజర్ దగ్గర అడిగితే ఒక 100, ఒక 20 చేతిలో పెడతాడు. అలా తీసుకోకండి. నాలుగు 20లు, నాలుగు 10లు అడగండి. అప్పుడు ఒక్కొక్కరి పాస్‌పోర్టులో ఒక 20, ఒక 10 సరిగ్గా పడతాయి. నలుగురూ వేర్వేరు కిటికీల దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా చిల్లర గొడవ లేదు. 100 ఇస్తే వాళ్లు చిల్లర ఇస్తారు, కాదనను. కానీ ఆ చిల్లరలో అంచు చిరిగిన 10 నోటు వచ్చిందనుకోండి, బయట టాక్సీవాడు తీసుకోడు, హోటల్ తీసుకోదు. అది మీ దగ్గరే ఉండిపోతుంది.

నోటు పరీక్ష ఇలా చేయాలి. మనీ ఛేంజర్ కౌంటర్ వదలక ముందే ఒక్కో నోటు తీసి నాలుగు అంచుల మీదా బొటనవేలు మెల్లగా జరపండి. మధ్య మడత వచ్చే చోట, పైఅంచున, రెండు మిల్లీమీటర్ల చీలిక ఉన్నా వేలికి తగులుతుంది. తర్వాత ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూడండి. సెల్లోటేపు, సూది బెజ్జం, పిన్ను గుచ్చిన చోటు కనబడతాయి. చివరికి తెల్లటి అంచు మీద పెన్ను గీత గానీ, చిన్న రబ్బరు ముద్ర గానీ ఉందేమో చూడండి. కొన్ని దేశాల్లో డాలర్లు మార్చేవాళ్లు తమ గుర్తుగా అలా ముద్రలు వేస్తారు, ఆ నోట్లు తిరిగి తిరిగి మన దాకా వస్తాయి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మార్చి ఇమ్మనండి. అడగడానికి మొహమాటపడకండి, మీరు కట్టేది పూర్తి ధరే.

ఎందుకింత పట్టింపు అంటే, కంబోడియాలో కొట్ల నుంచి హోటళ్ల దాకా డాలర్లే తిరుగుతాయి గానీ, పాడైన డాలరుకి కొత్తది ఇచ్చే ముద్రణాలయం ఆ దేశంలో లేదు. చిరిగిన నోటు బ్యాంకుకి తీసుకెళ్తే తీసుకోరు, లేదా కోత పెడతారు. ఆ నష్టం ఎవరూ తమ మీద వేసుకోరు. అందుకే వీసా అధికారి దగ్గర నుంచి కొబ్బరిబోండాలమ్మే ఆమె దాకా నోటు తిప్పి చూసే తీసుకుంటారు.

రాగిసంకటి
ఎయిర్‌పోర్టులోనే మార్చుకోవచ్చుగా? టెర్మినల్ 2లో కౌంటర్లు ఉన్నాయి.

లాల్‌బాగ్_లెక్కలు
ఉన్నాయి. కానీ రేటు ఊళ్లో కంటే బాగా తక్కువ గిట్టుబాటు. చిన్న నోట్లు అడిగితే ఉన్నవే తీసుకోమంటారు. తెల్లవారుజాము విమానానికి వెళ్లేవాళ్లకి బేరమాడే ఓపిక కూడా ఉండదు. ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు చుట్టుపక్కల రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న దుకాణాలు చాలా ఉన్నాయి. రెండు రోజుల ముందే ఫోన్ చేసి పదులు, ఇరవైలు తీసి ఉంచమనండి. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టికెట్ పట్టుకెళ్లాలి. 50,000 రూపాయలు దాటితే నోట్లుగా తీసుకోరు, బ్యాంకు ఖాతా నుంచి కట్టాలి. జీఎస్టీ చిన్న మొత్తాలకి కనీసం 45 రూపాయలు పడుతుంది, బిల్లులో అది కనిపించాలి. బిల్లు లేకుండా ఇస్తానంటే అక్కడ తీసుకోవద్దు, చిరిగిన నోటు తిరిగివ్వడానికి మీ దగ్గర ఆధారమే ఉండదు.

వీసా 120 పైన, ఇంకో 20, ఒక 10, కొన్ని ఒకట్లు విడిగా పెట్టుకోండి. ఒక నోటు కాదన్నారంటే వెంటనే ఇంకోటి ఇవ్వగలగాలి.

స్టూడియో_సిరి
ఫొటోల గురించి నేను. ఒక్కొక్కరికి ఒకటి కావాలి, రెండు పట్టుకెళ్లండి. అక్కడ చెప్పే కొలత 4 బై 6 సెంటీమీటర్లు. ఇక్కడ స్టూడియోలో 'ఫోర్ బై సిక్స్' అన్నారనుకోండి, వాళ్ల భాషలో అది అంగుళాలు, పోస్టుకార్డంత ప్రింటు తీసి ఇస్తారు. మెషీన్ మీద కూర్చున్న కుర్రాడి తప్పేం లేదు, రోజంతా ఆ కొలతే వింటాడు. 'వెడల్పు నలభై మిల్లీమీటర్లు, ఎత్తు అరవై, తెల్ల బ్యాక్‌గ్రౌండ్' అని కాగితం మీద రాసి ఇవ్వండి. మన మామూలు పాస్‌పోర్టు సైజు 35 బై 45 మిల్లీమీటర్లు. అది అతికించినా సాధారణంగా తీసుకుంటున్నారు, మొహం స్పష్టంగా ఉండటమే ముఖ్యం. కానీ కొత్తగా తీయించేటప్పుడు అడిగిన కొలతే తీయించుకుంటే పోయేదేముంది?

ఇంట్లోనే కత్తిరించి పెట్టుకోండి, కత్తెర చేతి సంచీలో పెడితే సెక్యూరిటీలో ఆగుతుంది. గమ్ము పుల్ల ఒకటి వేసుకోండి. మొహం మీద పిన్ను కొట్టకండి. ఫొటో లేకపోతే వెనక్కి పంపరు, ఒకటి రెండు డాలర్లు అదనంగా తీసుకుని పని కానిస్తారు. పెద్ద ఖర్చేం కాదు. కానీ దానికోసం మళ్లీ పక్కకి జరగాలి, క్యూలో చోటు పోతుంది.

చిత్తూరు_సుబ్బు
నాదో సందేహం. మా చెల్లెలు ఒక్కతే వెళ్తోంది, 24 ఏళ్లు, చెన్నై నుంచి. ఆమెకీ ఇవే కాగితాలా? చెన్నై ఇమిగ్రేషన్‌లో ఆపుతారని అంటున్నారు.

గుండ్లకమ్మ
కంబోడియా వైపు ఇవే కాగితాలు. మన వైపు మాత్రం ప్రశ్నలు ఎక్కువ ఉంటాయి, దానికి కారణం ఉంది. ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్లని కంబోడియా పంపి సైబర్ మోసాల ముఠాలకి అప్పగించారు. 2024 మేలో విశాఖ పోలీసులు అలాంటి ఏజెంట్లని పట్టుకున్నారు, మన జిల్లాల పిల్లలు చాలామంది ఇరుక్కుపోయారు. అందుకని ఒంటరిగా వెళ్లే యువతని అధికారులు నిలబెట్టి అడగడం మామూలే, అది వాళ్ల మంచికే. తిరుగు టికెట్, ప్రతి రాత్రికీ హోటల్ బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగం ఉంటే సెలవు మంజూరు మెయిల్ ప్రింటు తీసి ఇవ్వండి. ఒకవేళ ఎవరో పని ఇప్పిస్తామన్నారని పర్యాటక వీసా మీద వెళ్తుంటే మాత్రం, అన్నగా మీరే ఆపండి.

చిత్తూరు_సుబ్బు
లేదు అన్నా, చూడటానికే. స్నేహితురాలు అక్కడ దిగి కలుస్తుంది. ప్రింట్లు తీయిస్తాను.

కృష్ణరాజపురం_కోడలు
సియెం రీప్‌లో దిగాక వరస ఎలా ఉంటుందో ఎవరైనా చెబుతారా? ముందు ఎక్కడికి, తర్వాత ఎక్కడికి?

గుండ్లకమ్మ
2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం అది, ఊరికి దాదాపు 50 కిలోమీటర్లు. లోపలికి రాగానే ఇమిగ్రేషన్ లైన్ల కంటే ముందే వీసా ఆన్ అరైవల్ అని పొడవాటి కౌంటర్ ఉంటుంది. ఒక చివర పాస్‌పోర్టు, నింపిన ఫారం, ఫొటో, డబ్బు ఇస్తారు. పాస్‌పోర్టు అధికారుల చేతులు మారుతూ రెండో చివరికి చేరుతుంది. ఒకరు చూసి, ఒకరు స్టిక్కర్ అంటించి, ఒకరు సంతకం చేస్తారు. మీరు రెండో చివర నిలబడితే ఫొటో పేజీ తెరిచి పైకెత్తి చూపిస్తారు లేదా పేరు పిలుస్తారు. మన పేర్లు వాళ్ల నోట వేరేగా పలుకుతాయి, చెవి మీద ఆధారపడకండి, కళ్లు అక్కడే ఉంచండి.

నలుగురి పాస్‌పోర్టులూ మీవారు ఒక్కరే పట్టుకెళ్లి ఇవ్వొచ్చు. ఒక్కో పాస్‌పోర్టులో దాని ఫారం, దాని ఫొటో, దాని 30 డాలర్లు పెట్టి నాలుగు కట్టలుగా ఇవ్వండి, అన్నీ కలిపి ఒక కుప్పగా కాదు. పెద్దవాళ్లిద్దరినీ కుర్చీలో కూర్చోబెట్టండి. తర్వాత ఇమిగ్రేషన్ కౌంటర్‌కి మాత్రం ఎవరికి వారే వెళ్లాలి, వేలిముద్రలు తీస్తారు. హోటల్ పేరు, తిరుగు ప్రయాణం తేదీ ఇద్దరు పెద్దవాళ్లకీ నోటికి రావాలి, లేదా కాగితం మీద రాసి చేతికివ్వండి.

స్టిక్కర్ ఒక పూర్తి పేజీ ఆక్రమిస్తుంది, ఖాళీ పేజీ ఉందో లేదో ఇక్కడే చూసుకోండి. చేతికి రాగానే అక్కడే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు సరిచూడండి. ఒక్క అక్షరం, ఒక్క అంకె తేడా కనిపించినా వెంటనే చెబితే అక్కడే సరిచేస్తారు. గడువు దాటి ఉంటే రోజుకి 10 డాలర్లు జరిమానా, ఆరు రోజులకి మీకు ఆ బాధ లేదు.

సీట్_14సీ
క్యూ తగ్గడానికి ఒకటే మార్గం: ముందు వరస సీట్లు. వీల్‌చైర్ ముందే బుక్ చేస్తే ఇంకా మేలు. విమానంలో ఉన్నవాళ్లలో వీసా కావాల్సినవాళ్లు ఎంతమందో దాన్ని బట్టే క్యూ. తలుపు తెరిచాక పది నిమిషాలు ఆలస్యంగా దిగితే ముందు నలభై మంది ఉంటారు. ఫారం గాల్లోనే నింపాలి, నీలం పెన్ను ఒక్కటి కాదు, రెండు. కౌంటర్ దగ్గర పెన్ను కోసం అందరూ వెతుక్కునేదే.

రాగిసంకటి
ఈ-అరైవల్ క్యూఆర్ ఉంటే కాగితం ఫారం అడగటం లేదని విన్నాను. అది కూడా తప్పేనా?

సీట్_14సీ
అది తప్పు కాదు. క్యూఆర్ స్కాన్ చేసి ఫారం పక్కన పెట్టేసిన సందర్భాలున్నాయి.

గుండ్లకమ్మ
ఫారం నింపి తెమ్మని వెనక్కి పంపినవీ ఉన్నాయి. ఆ పూట కౌంటర్‌లో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటోంది. నేనైతే నింపుకునే వెళ్లమంటాను.

స్టూడియో_సిరి
అంత కష్టం దేనికి, ఈ-వీసా తీసేసుకోవచ్చు కదా? evisa.gov.kh లో మూడు పని దినాల్లో వస్తుంది. పెద్దవాళ్లున్నారు కాబట్టి కౌంటరే తప్పుతుంది.

లాల్‌బాగ్_లెక్కలు
మామూలుగా అయితే నేనూ అదే అంటాను. కానీ వీళ్ల అత్తగారి కొత్త పాస్‌పోర్టు ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ-వీసా పాస్‌పోర్టు నంబరుకి ముడిపడి ఉంటుంది. పాత నంబరు మీద తీస్తే చెల్లదు, ఫీజు తిరిగి రాదు. ఒక అక్షరం తప్పు పడినా అంతే. కౌంటర్ దగ్గర అయితే తప్పు రాసిన ఫారం చింపి ఇంకోటి నింపితే సరిపోతుంది.

స్టూడియో_సిరి
పాస్‌పోర్టు ప్రయాణానికి పది రోజుల ముందు చేతికొస్తే? అప్పుడు నలుగురికీ ఈ-వీసానే నయం అంటాను నేను. రెండేసి ప్రింట్లు తీసుకోవాలి, వెళ్లేటప్పుడు ఒకటి, తిరిగొచ్చేటప్పుడు ఒకటి.

సీట్_14సీ
ఇద్దరిదీ సరే. ఈ-వీసా తీసేవాళ్లు వెబ్‌సైట్ చిరునామా చివర .gov.kh ఉందో లేదో చూడండి. వెతికితే పైన వచ్చేవాటిలో చాలా వరకు ఏజెంట్లవి, అదే వీసాకి రెట్టింపు తీసుకుంటారు.

బాలి_బ్యాచ్
సారీ గుండ్లకమ్మ అన్నా, పొరపాటున చదివాను. ఒక ప్రశ్న. బ్యాంకాక్ నుంచి బస్సులో పాయ్‌పెట్ మీదుగా పోతే చవక కదా? వీసా అక్కడా ఇస్తారట.

గుండ్లకమ్మ
ఇచ్చేవారు. 30 డాలర్ల బోర్డు కిందే థాయ్ బాత్‌లలో ఎక్కువ అడగడం ఆ సరిహద్దులో పాత జబ్బు. పైగా బస్సు దిగగానే నకిలీ వీసా ఆఫీసుల్లోకి తీసుకెళ్లేవాళ్లు. ఇప్పుడు ఆ మాటే లేదు. రెండు దేశాల గొడవ వల్ల 2025 జూన్ తర్వాత ఆ భూసరిహద్దు మూతపడింది. తెరిచారో లేదో ఖాయం చేసుకోకుండా బస్సు టికెట్ కొనకండి.

కృష్ణరాజపురం గారూ, మీ కౌలాలంపూర్ టికెట్ ఒకటేనా, రెండు విడివిడివా?

కృష్ణరాజపురం_కోడలు
రెండు విడివిడిగా కొన్నాం, చవకగా వచ్చాయని. ట్రాన్సిటే కదా?

సీట్_14సీ
విడివిడి టికెట్లయితే సామాను కౌలాలంపూర్‌లో మీ చేతికే వస్తుంది. అది తీసుకోవాలంటే మలేషియాలోకి ప్రవేశించాలి. అంటే మలేషియా ఇమిగ్రేషన్, వాళ్ల డిజిటల్ రాక కార్డు, మళ్లీ చెక్-ఇన్. మనవాళ్లకి 2026 చివరి దాకా వీసా మినహాయింపు ఉంది కాబట్టి ఆగిపోరు. కానీ మూడు గంటల వ్యవధి చాలదు. ఎంత వ్యవధి ఉంది?

కృష్ణరాజపురం_కోడలు
రెండు గంటల నలభై నిమిషాలు.

సీట్_14సీ
అయితే సామాను చెక్-ఇన్ చేయకండి. నలుగురూ ఏడేసి కిలోల చేతి సంచులతో వెళ్లి, రెండో విమానానికి బోర్డింగ్ పాసులు బెంగళూరులోనే ఆన్‌లైన్‌లో తీసుకోవడానికి ప్రయత్నించండి. వీసా ఆన్ అరైవల్ ప్రయాణికులకి పత్రాలు చూశాకే పాసు ఇస్తామని ఆ కంపెనీ అంటే, ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌లో ఇస్తారో లేదో ఈరోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఇవ్వరంటే రెండో టికెట్ తర్వాతి విమానానికి మార్చుకోవడం తప్పదు.

కృష్ణరాజపురం_కోడలు
ఫోన్ చేశాను. ట్రాన్స్‌ఫర్ కౌంటర్ లేదట, బయటికొచ్చి చెక్-ఇన్ చేయాలట. సాయంత్రం విమానానికి మార్చాం, ఇప్పుడు ఏడు గంటల వ్యవధి. అత్తగారికి తత్కాల్ అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికింది. లాల్‌బాగ్ గారూ, ఎంజీ రోడ్డులో పదులు, ఇరవైలు ఉన్నాయన్నారు, శనివారం వెళ్తున్నాం. నోట్ల అంచులు నేనే చూస్తాను, మావారు మొహమాటస్తుడు.

లాల్‌బాగ్_లెక్కలు
ప్లాస్టిక్ కవరులో మడవకుండా పెట్టుకోండి. పర్సులో పెడితే మధ్య మడత దగ్గరే చిరుగు మొదలవుతుంది.